వేసవి క్రికెట్ శిబిరం ప్రకటన: అన్నీ రాసినా ఫోన్ చేసి మళ్ళీ అవే అడుగుతున్నారు

నెట్స్_నల్గొండ
నల్గొండలో చిన్న క్రికెట్ అకాడమీ నడుపుతున్నాను. రెండు నెట్లు ఉన్నాయి. నేను, నాతో పాటు ఒక సహాయ కోచ్. వేసవి సెలవుల శిబిరం కోసం ఒక ఫొటో తీసి, దాని కింద నాలుగు మాటలు రాసి ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. నాలుగు రోజుల్లో నలభైకి పైగా ఫోన్లు వచ్చాయి, డబ్బు కట్టినవారు మాత్రం ముగ్గురే. మిగిలినవారంతా ఫీజు ఎంత, సమయం ఎప్పుడు, ఎక్కడ, మా వాడిని తీసుకుంటారా అని అడిగి పెట్టేస్తున్నారు. అన్నీ రాశాను కదా! నేను రాసింది ఇదీ, తప్పెక్కడుందో చెప్పండి:

“క్రికెట్ అంటే ప్రాణమా? మీలోని ఛాంపియన్‌ను మేల్కొలపండి! జిల్లాలోనే అత్యుత్తమ శిక్షణతో మా సమ్మర్ క్యాంప్ మీ ముందుకు వస్తోంది! అనుభవజ్ఞులైన కోచ్‌లు, అత్యాధునిక సదుపాయాలు. బ్యాచ్‌లు: 6–8, 8–10, 4–6. వయసు: 6–12, 12–18. ఫీజు 3,000 మాత్రమే. రిజిస్ట్రేషన్, టీ షర్టు అదనం. ఉచిత ట్రయల్ సెషన్! ప్రతిభ చూపండి, జిల్లా జట్టులో చోటు ఖాయం చేసుకోండి! త్వరపడండి, ఈ సోమవారం నుంచే!”

జడ్చర్ల_స్పిన్నర్
అన్నా, నాకు 19 ఏళ్ళు, లెగ్ స్పిన్ వేస్తాను. ట్రయల్స్ ఏ రోజు? జడ్చర్ల నుంచి రావాలంటే ముందు రోజే బయలుదేరాలి. ఎంపికైతే జిల్లా జట్టు కిట్ మీరే ఇస్తారా?

నెట్స్_నల్గొండ
తమ్ముడూ, అది ఎంపిక కాదు. పిల్లలు ఒక రోజు వచ్చి ఉచితంగా ఆడి చూసుకోవడం. శిబిరం 18 ఏళ్ళ లోపు వారికే.

పాలమూరు_పద్మ
మీ జవాబు ఇక్కడే దొరికింది చూడండి. ఆ అబ్బాయి మీ ప్రకటన మొత్తం చదివాడు, చదివి ఎంపిక పోటీలనుకున్నాడు. క్రికెట్‌లో ట్రయల్స్ అంటే ఎవరికైనా గుర్తొచ్చేది సెలక్షనే. దాని పక్కనే “ప్రతిభ చూపండి, చోటు ఖాయం” అని మీరే రాశారు. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, తొమ్మిదేళ్ళ అమ్మాయి, పదమూడేళ్ళ అబ్బాయి. మీ ప్రకటన చూస్తే నాకైనా “మా వాళ్ళను తీసుకుంటారో లేదో” అనే సందేహమే వస్తుంది. ఫోన్ చేసినవాళ్ళు “తీసుకుంటారా” అని అడగడంలో వింత లేదు.

దేవరకొండ_నాన్న
పద్మ గారు చెప్పింది మా ఇంట్లో అక్షరాలా జరిగింది. నిరుడు మా వాడిని హైదరాబాద్‌లో మేనమామ దగ్గర ఉంచి అక్కడి ఒక శిబిరానికి పంపాం. “ఉచిత ట్రయల్” అని పెట్టారు. వాడు రాత్రంతా నిద్రపోలేదు. బూట్లకు తెల్ల పాలిష్ రాసి కిటికీలో ఆరబెట్టాడు. తెల్లవారి వెళ్ళి పదిహేను బంతులు ఆడాడు, రెండుసార్లు బౌల్డ్ అయ్యాడు. బయటికి వచ్చి ప్యాడ్లు విప్పకుండానే నిలబడి, “నాన్నా, నన్ను తీసుకోలేదు కదా” అన్నాడు. అప్పుడే అక్కడి మనిషి వచ్చి “బాబు బాగా ఆడాడు, ఫీజు కౌంటర్‌లో కట్టండి” అన్నాడు. అక్కడ అందరినీ తీసుకుంటారని అప్పటివరకు మాకు తెలియదు. వాడు మాత్రం తాను ఎంపికయ్యానని ఇప్పటికీ అందరికీ చెబుతాడు. అది నిజం కాదని ఎలా చెప్పను?

నెట్స్_నల్గొండ
ఈ కోణం నాకు తట్టనే లేదు. నలభై ఫోన్లలో సగం మంది “మా వాడికి పెద్దగా రాదండీ, పరవాలేదా” అని అడిగారు. అదేదో వినయం అనుకున్నాను.

ఫ్లెక్సీ_శ్రీను
పదేళ్ళుగా డీటీపీ, ఫ్లెక్సీల పని చేస్తున్నాను, ట్యూషన్ల పేజీలకు మాటలు కూడా నేనే రాసి ఇస్తాను. మీ ఫోన్‌లో కాకుండా వేరేవాళ్ళ ఫోన్‌లో మీ పోస్టు ఒకసారి తెరిచి చూడండి. ఫొటో కింద మొదటి ఒకటి రెండు పంక్తులే కనిపిస్తాయి, తర్వాత “more” అని ఉంటుంది. అది నొక్కితేనే మిగతాది. మీ పోస్టులో ఆ మొదటి పంక్తుల్లో ఏముంది? ప్రాణం, ఛాంపియన్, మేల్కొలపడం. సమయం, ఫీజు, వయసు అన్నీ “more” వెనకాల దాక్కున్నాయి. మీరు రాశారు, నిజమే. వాళ్ళ కంటికి కనబడలేదు, అదీ నిజమే.

ఇంకొకటి. మీ పోస్టులో ఊరి పేరే లేదు. పేజీకి ఎప్పుడూ వచ్చేవాళ్ళకు తెలుసు. శిబిరం కోసం కొత్తగా వచ్చేవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

పాలమూరు_పద్మ
“ఈ సోమవారం నుంచే” అనేదీ తీసేయండి. మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి పోయిన నెలది ఒక ఈత శిబిరం ప్రకటన నిన్న వచ్చింది. అందులోనూ “ఈ సోమవారం” అనే ఉంది. ఒకావిడ పిల్లలకు తువ్వాళ్ళు సర్దుకుని వెళ్ళింది, గేటుకు తాళం.

ఫ్లెక్సీ_శ్రీను
తేదీ, వారం రెండూ ఉండాలి. ఒకటి తప్పు రాస్తే రెండోది పట్టిస్తుంది. అంతకంటే ముఖ్యం, ఫొటో మీద కూడా నాలుగు విషయాలు ఉండాలి: ఊరు, తేదీలు, మొత్తం ఫీజు, ఫోన్ నంబరు. ఫొటోను గ్యాలరీలోకి దింపుకుని ఇంకో గ్రూపులో పెడితే కింద రాసిన మాటలు రావు, ఒట్టి బొమ్మే తిరుగుతుంది. ఇంకో సంగతి: వాట్సాప్‌లో రాసిన నంబరును నొక్కితే ఫోన్ కలుస్తుంది, బొమ్మ మీది నంబరును చూసి కొట్టుకోవాలి. కాబట్టి రెండు చోట్లా ఉండాలి, బొమ్మ మీద అంకెలు పెద్దవిగా ఉండాలి.

నకిరేకల్_రవి
మీరు ముందు చూసుకోవలసింది ఇంకొకటి. కోచింగ్ సెంటర్ల ప్రకటనల మీద కేంద్రం 2024లో మార్గదర్శకాలు తెచ్చింది. “చోటు ఖాయం” లాంటి హామీలు ఇవ్వకూడదు. మీదీ కోచింగే కాబట్టి జరిమానా పడుతుంది. ఆ పోస్టు వెంటనే తీసేయండి.

వకీలు_లలిత
రవి గారూ, చివరికి చెప్పింది సరైనదే, చూపించిన నిబంధన వేరు. 2024 నవంబరులో వచ్చిన ఆ మార్గదర్శకాల్లో కోచింగ్ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోంచి క్రీడలను, నృత్యాన్ని, నాటకాన్ని మినహాయించారు. అవి చదువుల కోచింగ్ కోసం తెచ్చినవి.

అలాగని క్రికెట్ అకాడమీ ఏమైనా రాయవచ్చని కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు అన్ని సేవలకూ వర్తిస్తాయి. అందులో “ఉచితం” అనే మాట గురించి విడిగా ఉంది. ఉచితం అన్నాక, ఆ ప్రకటనకు స్పందించడానికి, వస్తువును తెచ్చుకోవడానికి తప్పనిసరిగా అయ్యే ఖర్చు తప్ప ఇంకేమీ వసూలు చేయకూడదు. నెట్స్ గారూ, మీ ట్రయల్‌కు వచ్చేవారు రిజిస్ట్రేషన్ డబ్బు ముందే కట్టాలా?

నెట్స్_నల్గొండ
అవునండీ, 200. ఊరికే వచ్చి ఆడి పోయేవాళ్ళు ఎక్కువవుతారని ముందే తీసుకుంటున్నాను. శిబిరంలో చేరితే ఆ 200 రిజిస్ట్రేషన్ కిందికి వస్తుంది. చేరకపోతే తిరిగి ఇవ్వను.

వకీలు_లలిత
చేరని పిల్లవాడికి ఆ రోజు ఖర్చు 200 అయింది. అది ఉచితం కాదు. 200 తీసుకోకండి, లేదా ఉచితం అనే మాట తీసేయండి. “ట్రయల్ రోజు 200, చేరితే ఫీజులో తగ్గిస్తాం” అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

“జిల్లా జట్టులో చోటు ఖాయం” మాత్రం ఈ రోజే తీసేయండి. జట్టును ఎంపిక చేసేది క్రికెట్ సంఘం, మీ అకాడమీ కాదు. మీ చేతిలో లేనిదాన్ని ఖాయం అనకూడదు.

నెట్స్_నల్గొండ
తీసేశాను. నిజానికి ఆ వాక్యం ఇంకో పేజీలో చూసి పెట్టుకున్నది. మా దగ్గర నేర్చుకున్న ఇద్దరు జిల్లా స్థాయిలో ఆడారు, ఆ గర్వంలో రాశాను.

సూర్యాపేట_స్కోరర్
ఆ ఇద్దరి సంగతే రాయండి, వాళ్ళ తల్లిదండ్రులు ఒప్పుకుంటే. “ఖాయం” కంటే అదే నమ్మకం కలిగిస్తుంది. సిరాజ్ ఫొటో పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. మా ఊళ్ళో ఒకాయన పెడితే పిల్లలు సిరాజ్ వస్తాడనే అనుకున్నారు. ప్రారంభం రోజున వందమంది వచ్చారు, ఇరవైమంది ఏడ్చుకుంటూ పోయారు.

మాస్టారు_మిర్యాలగూడ
నేను వ్యాయామ ఉపాధ్యాయుడిని. మాటల సంగతి శ్రీను చూసుకుంటారు, నేను సమయాల గురించి అడుగుతాను. 6–8, 8–10, 4–6. ఏది ఉదయం, ఏది సాయంత్రం అని రాయలేదు. అది చిన్న తప్పు. పెద్ద తప్పు ఏమిటంటే, మే నెలలో నల్గొండలో 8 నుంచి 10 వరకు పిల్లలకు ప్యాడ్లు, హెల్మెట్ కట్టి నిలబెడతారా? 44 డిగ్రీలు దాటే ఊరు మనది. ఒంటిపూట బడులు పెట్టేదే ఎండకు భయపడి కదా. సాయంత్రం నాలుగింటికి సిమెంటు పిచ్ మీద చెయ్యి పెట్టి చూడండి, పెట్టి ఉంచలేరు. ఆ వేడి కింది నుంచి కొడుతుంది.

నెట్స్_నల్గొండ
మాస్టారూ, మీరన్నది కాదనను. కానీ మూడు బ్యాచ్‌లు లేకపోతే నాకు గిట్టదు. మైదానం అద్దె, మ్యాటింగ్ కొత్తది, సహాయ కోచ్ జీతం.

మాస్టారు_మిర్యాలగూడ
బ్యాచ్‌కు ఎంతమంది?

నెట్స్_నల్గొండ
ముప్పై వరకు.

మాస్టారు_మిర్యాలగూడ
లెక్క వేద్దాం. రెండు నెట్లు, ముప్పైమంది, అంటే నెట్‌కు పదిహేనుమంది. మీది రెండు గంటలు. పరుగు, ఒళ్ళు సాగదీయడం, మంచినీళ్ళు కలిపి అరగంట పోతుంది. మిగిలిన తొంభై నిమిషాలు పదిహేనుమందికి పంచితే తలకు ఆరు నిమిషాలు. అందులో ప్యాడ్లు కట్టుకునేలోపు ఒక నిమిషం పోతుంది. రెండు గంటలు ఎదురుచూసి ఐదు నిమిషాలు బ్యాటింగ్ చేసిన పిల్లవాడు ఇంటికి వెళ్ళి ఏమి చెబుతాడు?

పదహారుమందిని తీసుకోండి, నెట్‌కు ఎనిమిదిమంది. గంటన్నర పెట్టండి, పావుగంట వార్మప్‌కు తీసేస్తే డెబ్బై ఐదు నిమిషాలు. తలకు తొమ్మిది నిమిషాలకు పైనే. ఆ తొమ్మిది నిమిషాల్లో ముప్పై బంతుల దాకా ఆడతాడు. సమయం తగ్గింది, ఆట పెరిగింది. నేను తండ్రినైతే ప్రకటనలో “అత్యాధునిక సదుపాయాలు” కంటే “బ్యాచ్‌కు 16 మందే” అనే మాట కోసం చూస్తాను.

పాలమూరు_పద్మ
మాస్టారు చెప్పిన ఆ ఒక్క మాట ఉంటే నేను ఫోన్ చేసి ఏమీ అడగను, నేరుగా వచ్చి చేర్పిస్తాను.

నెట్స్_నల్గొండ
లెక్క ఒప్పుకుంటున్నాను. ఉదయం 6:00–7:30, సాయంత్రం 5:00–6:30. మొత్తం ముప్పై రెండు మంది. ఆదాయం తగ్గుతుంది, సరే. సాయంత్రం ఇంకో అరగంట పెంచవచ్చా?

మాస్టారు_మిర్యాలగూడ
మేలో మనకు పొద్దుగూకేది ఆరున్నర దాటాక కాసేపటికే. చివరి పావుగంట లెదర్ బంతి కనబడదు. నెట్ల దగ్గర లైట్లు ఉన్నాయా?

నెట్స్_నల్గొండ
లేవు.

మాస్టారు_మిర్యాలగూడ
అయితే ఆరున్నరకు ముగించండి. ఇక వయసు. 6–12, 12–18 అన్నారు. పన్నెండేళ్ళ పిల్లవాడు ఎందులోకి వస్తాడు? ఆరేళ్ళవాడికీ పన్నెండేళ్ళవాడికీ ఒకే బంతి వేస్తారా?

నెట్స్_నల్గొండ
పన్నెండు ఎటైనా రావచ్చనే రాశాను. చిన్నవాళ్ళకు టెన్నిస్ బంతి, పెద్దవాళ్ళకు లెదర్.

సూర్యాపేట_స్కోరర్
లెదర్‌లోనూ తేడా ఉందండీ. పెద్దవాళ్ళ బంతి 156 నుంచి 163 గ్రాములు ఉంటుంది. 13 ఏళ్ళ లోపు వాళ్ళకు నియమాల్లోనే వేరే బంతి ఉంది, 133 నుంచి 144 గ్రాములు, పరిమాణం కూడా కాస్త చిన్నది. చిన్న చేతిలో అది సరిగ్గా ఇముడుతుంది, వేళ్ళు సీమ్ మీద సరిగ్గా కూర్చుంటాయి. పెద్ద బంతితో మొదలుపెట్టిన పిల్లలు అరచేతితో పట్టుకుని విసురుతారు, ఆ అలవాటు తర్వాత పోదు. అమ్మాయిలకైతే పెద్దయ్యాక కూడా 140 నుంచి 151 గ్రాములే.

పాలమూరు_పద్మ
అమ్మాయిలు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఇంత పొడుగు ప్రకటనలో “అమ్మాయిలకు కూడా” అని ఎక్కడా లేదు. మా అమ్మాయి చేరవచ్చా లేదా? ఫొటోలో అందరూ అబ్బాయిలే. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025 అండర్ 19 ప్రపంచకప్‌లో ఉత్తమ క్రీడాకారిణి అయ్యాక మా కాలనీలో అమ్మాయిలు బ్యాట్లు అడుగుతున్నారు. అడగని తల్లులు ఇది మనకు కాదనుకుని ప్రకటన దాటేస్తారు. మీకు వచ్చిన నలభై ఫోన్లు లెక్కపెట్టారు, రాని ఫోన్లు ఎలా లెక్కపెడతారు?

నెట్స్_నల్గొండ
చేరవచ్చండీ. ఇప్పటికే ఇద్దరు అమ్మాయిలు వస్తున్నారు. అందరికీ తెలుసనుకున్నాను. రాస్తాను, ఫొటో కూడా మారుస్తాను. వాళ్ళ ఇంట్లో అడిగాకే.

దేవరకొండ_నాన్న
పదేళ్ళకే లెదర్ బంతి ఆడించాలి మాస్టారూ. మా వాడు టెన్నిస్ బంతితో ఆడి ఆడి, లెదర్ బంతి వస్తే కాలు వెనక్కి లాగుతాడు. ఆ భయం టెన్నిస్ బంతి వల్లే.

మాస్టారు_మిర్యాలగూడ
భయం టెన్నిస్ బంతి వల్ల కాదు, తగిలిన దెబ్బ వల్ల. ముందు బ్యాటు నిటారుగా రావడం నేర్వాలి, తర్వాత బంతి. నేను పన్నెండు అంటాను.

సూర్యాపేట_స్కోరర్
నేను పదకొండులో మొదలుపెట్టాను, హెల్మెట్ వేసుకుని, చిన్న బంతితో, కోచ్ దగ్గరి నుంచి చేత్తో విసురుతుంటే. ఏమీ కాలేదు. వయసు కంటే విసిరేవాడి చెయ్యి ముఖ్యం.

మాస్టారు_మిర్యాలగూడ
ముప్పై రెండు మందికీ అలా ఒక్కొక్కరికి విసరగలిగితే నాకూ అభ్యంతరం లేదు.

ఫ్లెక్సీ_శ్రీను
ఆ చర్చ ఇప్పట్లో తెగదు. ప్రకటనలో “8–11 ఏళ్ళు టెన్నిస్ బంతి, 12–16 ఏళ్ళు లెదర్ బంతి” అని పెట్టండి. పన్నెండు ఒక్కచోటే వస్తుంది. ముందే లెదర్ కావాలన్నవాళ్ళు మిమ్మల్ని వచ్చి అడుగుతారు, అది అడగదగిన ప్రశ్నే.

పాలమూరు_పద్మ
చిన్నవాళ్ళు ఉదయం, పెద్దవాళ్ళు సాయంత్రం అని మాత్రం విడదీయకండి. నా ఇద్దరిలో ఒకరిని పొద్దున, ఒకరిని సాయంత్రం తిప్పలేను.

నెట్స్_నల్గొండ
ప్రతి బ్యాచ్‌లో ఒక నెట్ చిన్నవాళ్ళకు, ఒకటి పెద్దవాళ్ళకు. ఎనిమిది, ఎనిమిది. కుదురుతుంది. ఇక ఫీజు. ఫీజు 3,000, రిజిస్ట్రేషన్ 200, టీ షర్టు 400. ఫీజు ప్రకటనలో రాయకుండా “వివరాలకు ఫోన్ చేయండి” అని పెడితే మంచిదని ఒక మిత్రుడు అంటున్నాడు. ఫోన్ వస్తే మాట్లాడి ఒప్పించవచ్చని అతని ఉద్దేశం.

నకిరేకల్_రవి
నేనూ అదే అంటాను. నాకు కరాటే తరగతులు ఉన్నాయి. అంకె చూడగానే పక్కనవాడితో పోల్చి పోతారు. ఫోన్ చేస్తే మనం ఏమి నేర్పుతామో చెప్పే అవకాశం వస్తుంది.

దేవరకొండ_నాన్న
ఫీజు రాయని చోటికి నేను ఫోనే చేయను. మనిషిని చూసి ధర చెబుతారని అనుమానం. అంతకంటే ఘోరం, 3,000 అని రాసి కౌంటర్ దగ్గర 3,600 అనడం. మేము నిరుడు వెళ్ళిన చోట షర్టు అన్నారు, టోపీ అన్నారు, చివరి రోజున సర్టిఫికెట్‌కు కూడా అడిగారు. జేబులో ఎంత పెట్టుకుని రావాలో ముందే చెబితే ఎవరూ బాధపడరు.

వకీలు_లలిత
షర్టు తప్పనిసరి అయితే అది ఫీజులో భాగమే. విడిగా చూపించి మొదటి అంకెను చిన్నదిగా కనబడేలా చేయకండి. “మాత్రమే” అనే మాట తీసేయండి. 3,600 ఎక్కువో తక్కువో కట్టేవాళ్ళకు తెలుసు.

నకిరేకల్_రవి
లలిత గారు చట్టం చెబుతున్నారు, నేను వ్యాపారం చెబుతున్నాను. నేను నా తరగతులకు ఫీజు రాయను. అలాగే నిండుతున్నాయి.

ఫ్లెక్సీ_శ్రీను
రవి గారూ, మీది ఏడాది పొడవునా నడిచే తరగతి, వాళ్ళకు వచ్చి చూసి తేల్చుకునే సమయం ఉంటుంది. ఇది ఐదు వారాల శిబిరం. 2025లో బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు సెలవులిచ్చారు. అందులో ఊరికి వెళ్ళేవి, పెళ్ళిళ్ళు తీసేస్తే మిగిలేవి ఎన్ని వారాలు? ఇంట్లో ఒకే రాత్రి కూర్చుని తేల్చుకుంటారు. ఆ రాత్రి పదింటికి ఫీజు కోసం ఎవరూ ఫోన్ చేయరు.

నకిరేకల్_రవి
ఆ తేడా ఉంది. అయినా నా పద్ధతి నాది.

పాలమూరు_పద్మ
రోజులు కూడా లెక్కకట్టి రాయండి. “నెల రోజులు” అంటే ఆదివారాలు ఉన్నాయా లేవా అని మళ్ళీ అడుగుతాం.

నెట్స్_నల్గొండ
ఏప్రిల్ 27 సోమవారం మొదలు, మే 30 శనివారం ముగింపు. ఐదు వారాలు, వారానికి ఆరు రోజులు, మొత్తం 30 రోజులు. 3,600 అంటే షర్టుతో కలిపి రోజుకు 120. ట్రయల్‌కు 200 మానేస్తున్నాను. ఊరికే ఆడి పోయేవాళ్ళు వస్తే రానీ, ఒక్కరోజే కదా.

“ట్రయల్” అనే మాటకు బదులు ఏమి పెట్టాలి? “పరిచయ శిక్షణ” బాగుందా?

సూర్యాపేట_స్కోరర్
పుస్తకంలో బాగుంటుంది. మైదానంలో ఎవరూ అనరు.

దేవరకొండ_నాన్న
“వచ్చి చూడండి” చాలు.

పాలమూరు_పద్మ
వచ్చి చూడండి అంటే తల్లిదండ్రులు చూడడమా, పిల్లలు ఆడడమా? బ్యాటు తేవాలా వద్దా?

ఫ్లెక్సీ_శ్రీను
ట్యూషన్లకు నేను ఎప్పుడూ “డెమో క్లాసు” అనే రాస్తాను. మన దగ్గర ఆ మాట తెలియని ఇల్లు లేదు. డెమోకు వెళ్తే ఎవరూ పరీక్ష పెట్టరని, డబ్బు అడగరని, నచ్చితేనే చేరతామని అందరికీ తెలుసు. క్రికెట్‌కు ఎవరూ వాడరు కాబట్టి మీకు కొత్తగా అనిపిస్తుంది. దాని కింద ఒక పంక్తి చేర్చండి: ఇది ఎంపిక కాదు, వచ్చినవారందరూ చేరవచ్చు.

పాలమూరు_పద్మ
ఇదీ మాట. డెమో అంటే ఒక గంట, ఉచితం, నచ్చకపోతే ఇంటికి. ఇంకేమీ చెప్పనక్కరలేదు.

మాస్టారు_మిర్యాలగూడ
“అందరూ చేరవచ్చు” అన్నారు, సీట్లు ముప్పై రెండే. ముప్పై మూడో పిల్లవాడు డెమోకు వచ్చి ఆడి, చేరబోతే సీటు లేదంటే అది మళ్ళీ ఎంపికలాగే అవుతుంది. ముందు వచ్చినవారికి ముందు అని రాయండి. డెమో రోజునే ఎన్ని సీట్లు మిగిలాయో బోర్డు మీద పెట్టండి.

నెట్స్_నల్గొండ
అన్నీ కలిపి మళ్ళీ రాశాను. చూడండి:

“నల్గొండలో పిల్లలకు వేసవి క్రికెట్ శిక్షణ: ఏప్రిల్ 27 – మే 30, మొత్తం ఫీజు 3,600.

8 నుంచి 16 ఏళ్ళ అబ్బాయిలు, అమ్మాయిలు. 8–11 ఏళ్ళవారికి టెన్నిస్ బంతి, 12–16 ఏళ్ళవారికి లెదర్ బంతి.

ఉదయం 6:00–7:30 లేదా సాయంత్రం 5:00–6:30. సోమవారం నుంచి శనివారం వరకు, మొత్తం 30 రోజులు. బ్యాచ్‌కు 16 మందే, ప్రతి ఒక్కరికీ రోజూ బ్యాటింగ్.

ఫీజులో టీ షర్టు కలిసే ఉంది. ఇంకేమీ కట్టనక్కరలేదు. ప్యాడ్లు, గ్లౌజులు, హెల్మెట్ మా దగ్గర ఉన్నాయి.

ఉచిత డెమో: ఏప్రిల్ 25 శనివారం, 26 ఆదివారం, ఉదయం 6:00 గంటలకు. ఇది ఎంపిక కాదు, పిల్లలు ఆడి చూసుకోవడానికి. నచ్చితే చేరవచ్చు, ముందు వచ్చినవారికి ముందు సీటు.”

చివర మైదానం గుర్తులు, ఫోన్ నంబరు ఉంటాయి, ఇక్కడ పెట్టలేదు.

ఫ్లెక్సీ_శ్రీను
మొదటి పంక్తిలోనే ఊరు, పిల్లలకని, తేదీలు, ఫీజు వచ్చేశాయి. ఇక “more” నొక్కకపోయినా పరవాలేదు. బొమ్మ మీదా ఆ పంక్తే పెట్టండి.

వకీలు_లలిత
“ఇంకేమీ కట్టనక్కరలేదు” అన్నారు. చివరి రోజు సర్టిఫికెట్‌కు అడగకండి మరి.

నెట్స్_నల్గొండ
అడగనండీ.

జడ్చర్ల_స్పిన్నర్
ఇప్పుడు అర్థమైంది అన్నా, ఇది నాకు కాదు. మా చెల్లికి పద్నాలుగు. దానికి చూపించాను, మాకు దూరమైనా డెమోకు తీసుకెళ్ళమంటోంది.

దేవరకొండ_నాన్న
ఆ “ఇది ఎంపిక కాదు” అనే పంక్తిని మా వాడికి చదివి వినిపించాను. “అయితే నిరుడు కూడా అంతేనా నాన్నా” అని అడిగాడు. అంతేరా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బ్యాటు తీసుకుని వీధిలోకి పోయాడు.

నెట్స్_నల్గొండ
నిన్న సాయంత్రం కొత్తది పెట్టాను. ఈ మధ్యాహ్నానికి పదకొండు ఫోన్లు. ఫీజు, సమయం ఒక్కరూ అడగలేదు. నలుగురు డెమోకు ఏ గేటు నుంచి రావాలని అడిగారు, ముగ్గురు ఎలాంటి బూట్లు తేవాలని అడిగారు. గేటు చేర్చాను. బూట్లకు ఏమి రాయను మాస్టారూ?

మాస్టారు_మిర్యాలగూడ
బడికి వేసుకునే క్యాన్వాస్ బూట్లు చాలని రాయండి. స్పైకులు కొని తెస్తే మీ మ్యాటింగ్ చిరుగుతుంది.